ఓటీపీ దారి మళ్లడానికి ఒక్క సందేశం చాలు: ఎస్ఎస్7లో అసలు లోపం ఎక్కడుంది

2017 జనవరిలో జర్మనీలో కొందరి బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు మాయమైంది. దొంగలు ముందుగా దొంగ మెయిళ్లతో, వైరస్‌లతో ఖాతాదారుల లాగిన్ వివరాలు, పాస్‌వర్డులు, మొబైల్ నంబర్లు పోగేసుకున్నారు. కానీ డబ్బు కదలాలంటే బ్యాంకు పంపే ఎస్ఎంఎస్ కోడ్ కూడా కావాలి. అక్కడ దాన్ని ఎంటాన్ అంటారు, మన ఓటీపీ లాంటిదే. బ్యాంకు ఆ కోడ్‌ని సరైన నంబరుకే పంపింది. అది మాత్రం ఖాతాదారు ఫోనుకి చేరలేదు. ఒక విదేశీ ఆపరేటర్ నెట్‌వర్కు నుంచి దాడి జరిగిందనీ, కొందరు చందాదారుల ఎస్ఎంఎస్‌లు దారి మళ్లాయనీ ఓ2-టెలిఫోనికా సంస్థ తర్వాత ఒప్పుకుంది. మే నెలలో జర్మన్ పత్రికల ద్వారా సంగతి బయటికొచ్చింది.

ఎస్ఎంఎస్‌లను దారి మళ్లించడానికి ఎవరూ సిమ్ కాపీ చేయలేదు. టవర్‌ని ఆక్రమించలేదు. రేడియో గుప్తీకరణను ఛేదించలేదు. ఫోన్ నెట్‌వర్కులు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకునే ఎస్ఎస్7 అనే పద్ధతిలో, బయటి నెట్‌వర్కు నుంచి వచ్చిన ఒక మామూలు సందేశాన్ని ఆపరేటర్ డేటాబేస్ నమ్మింది, తన నియమాల ప్రకారమే నడుచుకుంది. అందుకే దీన్ని ఎక్కడో దొర్లిన ప్రోగ్రామింగ్ పొరపాటుగా చూడటం తప్పని నా వాదన. ఎస్ఎస్7కి మూలమైన కామన్ చానల్ సిగ్నలింగ్, అంటే ఆజ్ఞలను మాటల లైనులో కాక వేరే దారిలో పంపే పద్ధతి, ఒక పాత మోసాన్ని ఆపింది. కానీ ఆపిన పద్ధతిలోనే కొత్త మోసానికి చోటు మిగిలింది. ఆ చోటు ఎక్కడుందో సరిగ్గా చూపించాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మాట ఒక దారి, ఆజ్ఞ ఒక దారి

ఒకప్పుడు రెండు ఎక్స్ఛేంజీల మధ్య మాటలు వెళ్లే లైనులోనే ఆజ్ఞలు కూడా వెళ్లేవి. అమెరికాలో దూరప్రాంత లైను ఖాళీగా ఉందని చెప్పడానికి అందులో 2600 హెర్ట్జ్ స్వరం మోగుతూ ఉండేది. డయల్ చేసిన అంకెలు కూడా రెండేసి స్వరాల జంటలుగా అదే లైనులో వెళ్లేవి. ఈ ఏర్పాటులో ఉన్న చిక్కు తెలిసిందే. చందాదారు గొంతు వెళ్లే చోటనే ఆజ్ఞ కూడా వెళ్తుంటే, ఆజ్ఞ స్వరాన్ని చందాదారే వినిపించవచ్చు. ఉచిత నంబరుకి ఫోన్ చేసి, మధ్యలో 2600 హెర్ట్జ్ ఈల వేస్తే అవతలి ఎక్స్ఛేంజీ కాల్ అయిపోయిందనుకుని లైను వదిలేసేది. ఈల ఆపగానే కొత్త కాల్ వస్తోందని అంకెల కోసం ఎదురుచూసేది. ఇవతలి ఎక్స్ఛేంజీకి మాత్రం ఆ ఉచిత కాల్ ఇంకా నడుస్తున్నట్టే లెక్క. బ్లూ బాక్స్ అనే చిన్న పరికరం చేసిన పని ఇదే. ఆ స్వరాల వివరాలను బెల్ సంస్థ ఇంజనీర్లే 1954లో, 1960లో తమ సాంకేతిక పత్రికలో అచ్చువేశారు.

1976లో ఏటీ అండ్ టీ కామన్ చానల్ పద్ధతిని మొదలుపెట్టింది. వందలాది మాట లైన్లకు సంబంధించిన ఆజ్ఞలన్నీ ఒక ప్రత్యేక డేటా లింకులో, కంప్యూటర్ల మధ్య సందేశాలుగా నడిచే ఏర్పాటు ఇది. మోసాన్ని ఆపడం ఒక్కటే దాని ఉద్దేశం కాదు. కాల్ కలిసే సమయం బాగా తగ్గింది. అవతలి ఫోను బిజీగా ఉంటే ఆ సంగతి తెలుసుకోవడానికి దారి పొడుగునా మాట లైన్లను పట్టుకోవాల్సిన అవసరం పోయింది. 1980లో ఇదే దారిలో అంతర్జాతీయ టెలికాం ప్రమాణాల కమిటీ సీసీఐటీటీ సిగ్నలింగ్ సిస్టమ్ నంబర్ 7, అంటే ఎస్ఎస్7 అనే అంతర్జాతీయ ప్రమాణం తెచ్చింది. మన ఎక్స్ఛేంజీ సిబ్బంది సీసీఎస్7 అనీ, సీ7 అనీ పిలిచేది దీన్నే. అంతకుముందు మన దగ్గర ఆర్2 ఎంఎఫ్‌సీ స్వరాలు నడిచేవి.

రెండు ఎక్స్ఛేంజీలను కలిపే ఈ1 అనే ఒక డిజిటల్ లింకులో 32 టైమ్‌స్లాట్లు ఉంటాయి. సాధారణంగా 16వ స్లాటులో సిగ్నలింగ్ పెడతారు. దాని వేగం సెకనుకు 64 కిలోబిట్లు. ఈ ఒక్క స్లాటు తన ఈ1లోని మాట లైన్లనే కాక, పక్కనున్న మరెన్నో ఈ1లలోని లైన్లను కూడా నడిపిస్తుంది. ఏ లైను గురించి మాట్లాడుతున్నామో చెప్పడానికి సందేశంలో 12 బిట్ల సంఖ్య ఉంటుంది కాబట్టి రెండు ఎక్స్ఛేంజీల మధ్య 4,096 లైన్ల వరకూ గుర్తించవచ్చు. చందాదారు ఎంత ఈల వేసినా ఆ స్లాటులోకి వినిపించదు. బ్లూ బాక్స్ కథ అలా ముగిసింది.

అయితే ఇక్కడ మారింది దారి మాత్రమే. ఆజ్ఞ ఎవరిచ్చారో పరీక్షించడం పాత పద్ధతిలోనూ లేదు, కొత్తదానిలోనూ రాలేదు. ఈ లింకులోకి సందేశం వచ్చిందంటే అది మనవాళ్లు పంపిందే అయ్యుంటుందన్న నమ్మకం ఒక్కటే కొత్తగా చేరింది.

ఇంకో పెద్ద తేడా కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. బ్లూ బాక్స్ పట్టుకున్నవాడు తన చేతిలో ఉన్న ఒక లైనుకే ఆజ్ఞ ఇవ్వగలిగేవాడు. ఊరవతల ఉన్న ఇంకొకరి కాల్‌ని అతను ముట్టుకోలేడు. కామన్ చానల్‌లో సందేశానికి చిరునామా ఉంటుంది. మొదట్లో ఆ చిరునామా 14 బిట్ల పాయింట్ కోడ్, అది ఒక దేశంలోని నెట్‌వర్కు లోపలే చెల్లుతుంది. 1984 నాటి ప్రమాణాల్లో ఎస్‌సీసీపీ అనే పొర వచ్చాక ఫోన్ నంబరు ఆకారంలో ఉండే గ్లోబల్ టైటిల్‌తో ప్రపంచంలో ఏ నోడ్‌కైనా సందేశం పంపడం వీలైంది. కొద్ది కాలానికే టీక్యాప్ వచ్చి, అసలు కాలే లేకుండా ఒక డేటాబేస్‌ని ప్రశ్న అడిగే వీలు కల్పించింది. మొబైల్ నెట్‌వర్కుల మ్యాప్ ప్రోటోకాల్ దీని మీదే కట్టారు. ఒక మూల నుంచి ఇంకో మూలలో ఉన్న ఏ చందాదారు రికార్డునైనా కదిలించే శక్తి అలా వచ్చింది. ఆ శక్తి లేకపోతే రోమింగ్ లేదు. కానీ దానికి తగ్గ కాపలాను మాత్రం ఎవరూ పెట్టలేదు.

లోపాన్ని పట్టుకుంటారు, అబద్ధాన్ని కాదు

ఎస్ఎస్7ని రూపొందించినవాళ్లు అజాగ్రత్తగా పనిచేశారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లింకు పొర చూడండి. ప్రతి సందేశానికీ 16 బిట్ల చెక్ ఉంటుంది. ముందుకు, వెనక్కు వరుస సంఖ్యలుంటాయి. చెడిపోయిన సందేశం మళ్లీ వస్తుంది. చెడ్డ యూనిట్లను లెక్కించే కౌంటర్ ఒకటి ఉంటుంది. చెడ్డది వస్తే అది ఒకటి పెరుగుతుంది, ప్రతి 256 యూనిట్లకూ ఒకటి తగ్గుతుంది, 64కి చేరితే లింకును సేవలోంచి తీసేస్తారు. సిగ్నలింగ్ సందేశాలకు దారి చూపే ఎస్‌టీపీ అనే యంత్రాలను జంటలుగా పెడతారు, ఒకటి పడిపోతే రెండోది మొత్తం మోస్తుంది. సిగ్నలింగ్ దారి ఏడాదికి 10 నిమిషాలకు మించి ఆగకూడదన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం.

ఇవన్నీ తీగలో వచ్చే రొదను, యంత్రం పాడవడాన్ని ఎదుర్కోవడానికి పెట్టినవి. చెక్ బిట్లు ఎవరైనా లెక్కగట్టి పెట్టగలరు, వాటిలో రహస్యం ఏమీ లేదు. సందేశం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే గడిని పంపేవాడే నింపుతాడు. పై పొరలోని గ్లోబల్ టైటిల్‌నీ పంపేవాడే నింపుతాడు. సంతకం లేదు, తాళంచెవి లేదు, పంపినవాడి గుర్తింపుకు రుజువు లేదు. 1980లో లింకు రెండు చివర్లా కూర్చున్నది ప్రభుత్వ శాఖలో, ఏకచ్ఛత్ర సంస్థలో. ఆ రోజుకు ఆ నమ్మకం సమంజసమే.

నమ్మకం అలాగే ఉండిపోయింది, సభ్యులు మారిపోయారు. 1996 నాటి అమెరికా టెలికాం చట్టం పాత సంస్థలు కొత్తవాటితో అనుసంధానం కావాలని నిర్బంధించింది. మిగతా దేశాల్లోనూ మార్కెట్లు తెరుచుకున్నాయి. 2000 తర్వాత సిగ్‌ట్రాన్ వచ్చి అవే సందేశాలను ఐపీ నెట్‌వర్కు మీద మోయడం మొదలుపెట్టింది. సిగ్నలింగ్ కోసం ఈ1 కార్డులున్న ఖరీదైన యంత్రం అక్కర్లేదు, సర్వరు చాలు. వీటన్నిటికంటే చెరుపు చేసింది గ్లోబల్ టైటిళ్లను అద్దెకివ్వడం. ఎస్ఎంఎస్ వ్యాపారం కోసమనో, రోమింగ్ సేవల కోసమనో ఒక ఆపరేటర్ తన నంబర్ల శ్రేణిలో కొన్నింటిని బయటి సంస్థకు ఇస్తాడు. ఆ సంస్థ ఇంకొకరికి ఇస్తుంది. చివరికి సందేశం పంపుతున్నది ఎవరో అసలు ఆపరేటర్‌కే తెలియదు, అవతలి నెట్‌వర్కుకు మాత్రం ఒక గౌరవనీయమైన ఆపరేటర్ పేరు కనబడుతుంది. బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 ఏప్రిల్‌లో ఈ అద్దెలను నిషేధించింది. అన్ని దేశాలూ ఈ పని చేయాలి, ఇది ఏ ఫైర్‌వాల్ కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే చర్య.

ఒక సందేశం, దాని వెంట జరిగేవి

ఇప్పుడు అసలు విషయం. మీ సిమ్‌కి సంబంధించిన శాశ్వత రికార్డు మీ ఆపరేటర్ దగ్గర హెచ్‌ఎల్‌ఆర్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. మీరు ఇప్పుడు ఏ ప్రాంతపు స్విచ్ కింద ఉన్నారో కూడా అందులోనే రాసి ఉంటుంది. ఆ స్విచ్‌ని ఎంఎస్‌సీ అంటారు, దాని పక్కనే తాత్కాలిక రికార్డులు ఉంచుకునే వీఎల్‌ఆర్ ఉంటుంది. మీకు కాల్ వచ్చినా, ఎస్ఎంఎస్ వచ్చినా పంపేవాళ్లు ముందు హెచ్‌ఎల్‌ఆర్‌ని అడుగుతారు, ఈ మనిషి ఎక్కడున్నాడని.

మీరు హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్లి ఫోను ఆన్ చేశారనుకుందాం. అక్కడి వీఎల్‌ఆర్‌కి మీరెవరో తెలియదు. మీ సిమ్‌ని గుర్తించే ఐఎంఎస్‌ఐ అనే సంఖ్యను బట్టి మీ హెచ్‌ఎల్‌ఆర్ ఎక్కడుందో కనుక్కుని, మిమ్మల్ని పరీక్షించడానికి ప్రశ్నాపత్రం ఇవ్వమని అడుగుతుంది. హెచ్‌ఎల్‌ఆర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యనూ, దానికి సరైన జవాబునూ పంపుతుంది. వీఎల్‌ఆర్ ఆ సంఖ్యను మీ సిమ్‌కి ఇస్తుంది, సిమ్ తనలోని రహస్య తాళంచెవితో జవాబు లెక్కగడుతుంది, రెండు జవాబులూ సరిపోతే మీరు అసలువారే. ఆ తర్వాత వీఎల్‌ఆర్ హెచ్‌ఎల్‌ఆర్‌కి లొకేషన్ అప్‌డేట్ సందేశం పంపుతుంది, ఈ చందాదారు ఇప్పుడు నా దగ్గర ఉన్నాడని. దాన్ని ట్రేస్‌లో, అంటే నడిచిన సందేశాల రికార్డులో, చూస్తే ముఖ్యమైన గడులు ఇంతే:

```
SCCP  called  GT  SSN 6   (HLR)
SCCP  calling GT  SSN 7   (VLR)
TCAP  begin
MAP   invoke  localValue: 2  (updateLocation)
        imsi
        msc-Number
        vlr-Number
```

ఇక్కడ ఆగి చూడండి. సిమ్ ఇచ్చిన జవాబు ఇందులో ఎక్కడా లేదు. ప్రశ్న, సరైన జవాబు రెండూ హెచ్‌ఎల్‌ఆర్ ఇచ్చినవే, కానీ పరీక్ష జరిగిందో లేదో, ఫలితమేమిటో దానికి ఎవరూ చెప్పరు. అసలు ప్రశ్నాపత్రం అడగకుండానే నేరుగా ఈ సందేశం పంపినా ప్రమాణం ప్రకారం అది చెల్లుతుంది. సిమ్‌లో ఎంత గట్టి తాళంచెవి పెట్టినా, అది ఫోనుకూ, మీరు అతిథిగా వెళ్లిన నెట్‌వర్కుకూ మధ్య మాత్రమే పనిచేసింది. ఆ అతిథి నెట్‌వర్కే అబద్ధమాడితే పట్టుకునే మార్గం మీ సొంత ఆపరేటర్‌కి, అంటే హోమ్ నెట్‌వర్కుకు లేదు. ఎస్ఎస్7 బలహీనతల గురించి ఎన్నో జాబితాలు తిరుగుతుంటాయి, నన్నడిగితే వాటన్నిటి గుండె ఈ ఒక్క గడి లేకపోవడమే.

ఇక దాడి ఎలా నడుస్తుందో ఊహించడం కష్టం కాదు. దాడి చేసేవాడికి ముందు ఐఎంఎస్‌ఐ కావాలి. ఎస్ఎంఎస్ పంపే కేంద్రాలు హెచ్‌ఎల్‌ఆర్‌ని అడిగే మామూలు ప్రశ్నే అతనూ అడుగుతాడు, రక్షణ లేని నెట్‌వర్కులో ఫోన్ నంబరు ఇస్తే ఐఎంఎస్‌ఐ, ప్రస్తుతం ఉన్న ఎంఎస్‌సీ చిరునామా తిరిగొస్తాయి. తర్వాత పై సందేశాన్ని పంపుతాడు, ఎంఎస్‌సీ గడిలో తన చిరునామా పెడతాడు. హెచ్‌ఎల్‌ఆర్ పాత స్థానం చెరిపి కొత్తది రాసుకుంటుంది. మీ పాత వీఎల్‌ఆర్‌కి రికార్డు తీసేయమని చెబుతుంది. కొత్త వీఎల్‌ఆర్ అనుకుంటున్న చోటికి మీ సేవల వివరాలు పంపుతుంది. ఇక బ్యాంకు ఓటీపీ వచ్చినప్పుడు ఎస్ఎంఎస్ కేంద్రం హెచ్‌ఎల్‌ఆర్‌ని అడుగుతుంది, కొత్త చిరునామా తెలుస్తుంది, సందేశం అక్కడికి వెళ్తుంది. అక్కడి నుంచి అందిందన్న రసీదు కూడా వస్తుంది. బ్యాంకు రికార్డులో అది విజయవంతంగా చేరిన ఓటీపీ.

ఆ సమయంలో మీ ఫోను ఎలా కనబడుతుంది? సిగ్నల్ గీతలు అలాగే ఉంటాయి, ఎందుకంటే ఫోను టవర్ ప్రసారాన్ని వింటూనే ఉంటుంది. వీఎల్‌ఆర్‌లో తన రికార్డు చెరిగిపోయిందని దానికెవరూ చెప్పలేదు. వచ్చే కాల్స్, ఎస్ఎంఎస్‌లు ఆగిపోతాయి, అంతే. మీరు ఎవరికైనా ఫోన్ చేయబోతే మాత్రం వీఎల్‌ఆర్ తనకు మీరెవరో తెలియదంటుంది, ఫోను మళ్లీ నమోదు చేసుకుంటుంది, అసలు వీఎల్‌ఆర్ నుంచి నిజమైన లొకేషన్ అప్‌డేట్ వెళ్లి దొంగ చిరునామాను చెరిపేస్తుంది. ఏమీ చేయకుండా ఫోను పక్కన పెట్టి ఉంచితే, నియమిత కాలానికి ఒకసారి అది దానంతటదే నమోదు చేసుకునే దాకా ఇలాగే ఉంటుంది. ఆ కాలాన్ని టవర్ ప్రసారం చేస్తుంది. జీఎస్ఎంలో దాన్ని 6 నిమిషాల మెట్లలో పెడతారు, గరిష్ఠంగా 255 మెట్లు, అంటే 25 గంటల 30 నిమిషాలు. తరచూ నమోదు చేయిస్తే సిగ్నలింగ్ భారం పెరుగుతుందని ఆపరేటర్లు దీన్ని గంటల్లో ఉంచుతారు. ఒక ఓటీపీ దొంగిలించడానికి రెండు నిమిషాలు చాలు. యజమాని నిద్రపోతున్న రాత్రివేళ ఇలాంటి దాడికి ఎందుకు అనువో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఫైర్‌వాల్ ఎంతవరకు

2008లోనే జర్మన్ పరిశోధకుడు టోబియాస్ ఎంగెల్ ఎస్ఎస్7 ద్వారా ఫోను ఉన్న చోటు కనుక్కోవచ్చని ఒక సదస్సులో చూపించాడు. 2014 డిసెంబరులో అతనూ, కార్‌స్టెన్ నోల్ బృందమూ కాల్స్, ఎస్ఎంఎస్‌ల దారి మళ్లింపు దాకా చూపించారు. ఆ తర్వాతే ఆపరేటర్లు గట్టిగా కదిలారు. మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ సందేశాలను మూడు తరగతులుగా విడదీసి, దేన్ని ఎలా వడగట్టాలో సభ్యులకు మార్గదర్శకం ఇచ్చింది.

మొదటి తరగతి సులువు. చందాదారు ఎక్కడున్నాడని ఎప్పుడైనా అడిగే ప్రశ్న ఒకటుంది, సందేశం ఏ పని కోరుతోందో చెప్పే ఆపరేషన్ కోడ్ దానికి 71. ఒక నెట్‌వర్కు లోపలి అవసరానికే అది పుట్టింది, విదేశం నుంచి రావాల్సిన పని లేదు. సరిహద్దులోని ఎస్‌టీపీ దగ్గర కోడ్ చూసి పారేయవచ్చు. రెండో తరగతి, మన దగ్గరికి అతిథిగా వచ్చిన చందాదారు గురించి అతని హోమ్ నెట్‌వర్కు మాత్రమే పంపదగినవి. ఐఎంఎస్‌ఐలోని దేశం, ఆపరేటర్ అంకెలు, పంపినవాడి గ్లోబల్ టైటిల్ సరిపోతున్నాయో చూడాలి. కొంచెం పని, కానీ ఒక్క సందేశం చూస్తే తేలిపోతుంది.

లొకేషన్ అప్‌డేట్ మూడో తరగతి. అది ఏ దేశం నుంచైనా రావచ్చు, రావడమే దాని పని. ఆపేస్తే రోమింగ్ ఆగిపోతుంది. సందేశాన్ని ఎన్నిసార్లు చదివినా నిజమైనదో కాదో తేలదు, ఎందుకంటే నిజమైనదీ దొంగదీ గడి గడికీ ఒకేలా ఉంటాయి. కాబట్టి బయటి సమాచారం కావాలి. ఫైర్‌వాల్ ప్రతి చందాదారు చివరి స్థానం, సమయం గుర్తుంచుకోవాలి. 40 నిమిషాల క్రితం హైదరాబాద్‌లో ఉన్న ఫోను ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నానంటే, మధ్య దూరం సుమారు 2,500 కిలోమీటర్లు, ఏ విమానమూ అంత వేగంగా వెళ్లదు. దాన్ని ఆపవచ్చు. ఇంకా మంచి పద్ధతి, పాత వీఎల్‌ఆర్‌ని వెంటనే అడగడం, ఈ ఫోను నీ దగ్గర ఇంకా పలుకుతోందా అని. పలికితే వచ్చిన కొత్త సందేశం దొంగది.

ఈ లెక్క తప్పే చోట్లూ ఉన్నాయి. దాడి చేసేవాడు పొరుగు దేశపు చిరునామా వాడితే వేగం లెక్క అనుమానించదు. బాధితుడు ఫోను స్విచాఫ్ చేసి చాలా గంటలైతే ఆ మనిషి నిజంగానే విమానంలో ఉన్నాడేమో చెప్పలేం. ఇంకో బెడద సాంకేతికమైనది కాదు. తప్పుగా ఆపితే విమానాశ్రయంలో దిగిన నిజమైన చందాదారుకు నెట్‌వర్కు రాదు, ఫిర్యాదు మొదట అతనే చేస్తాడు. అందుకని ఈ నియమాన్ని అడ్డుకునే స్థితిలో కాక, కేవలం లాగ్‌లో రాసే స్థితిలో ఉంచేసే ప్రలోభం ఆపరేటర్లకు ఎప్పుడూ ఉంటుంది. ఫైర్‌వాల్ కొన్నామన్న మాటకు అర్థం తెలియాలంటే మూడో తరగతి నియమాలు అడ్డుకుంటున్నాయా, రాసుకుంటున్నాయా అని అడగాలి.

మరో చిక్కు సందేశాలను చదివే తీరులో ఉంది. టీక్యాప్‌లో ఒకే విషయాన్ని ఒకటికంటే ఎక్కువ రూపాల్లో రాయవచ్చు. ఆపరేషన్ కోడ్‌ని మామూలుగా స్థానిక సంఖ్యగా రాస్తారు, గ్లోబల్ రూపంలోనూ రాయవచ్చు. ఫైర్‌వాల్ మొదటి రూపాన్నే వెతుకుతూ, వెనకున్న హెచ్‌ఎల్‌ఆర్ రెండు రూపాలనూ అర్థం చేసుకుంటే, కాపలాదారు కళ్ల ముందు నుంచే సందేశం లోపలికి వెళ్తుంది. అర్థం కాని రూపాన్ని లోపలికి పోనివ్వకుండా పారేయడం ఇక్కడ సరైన నియమం.

ఐఎంఎస్‌ఐ బయటపడకుండా ఎస్ఎంఎస్ హోమ్ రౌటింగ్ అనే ఏర్పాటు పనికొస్తుంది. బయటి ఎస్ఎంఎస్ కేంద్రం అడిగితే అసలు ఐఎంఎస్‌ఐ బదులు ఒక తాత్కాలిక సంఖ్య, అసలు ఎంఎస్‌సీ బదులు హోమ్ నెట్‌వర్కులోని రౌటర్ చిరునామా ఇస్తుంది. దాడిలో మొదటి మెట్టు తెగిపోతుంది. కానీ ఐఎంఎస్‌ఐ ఇంకో దారిలో దొరికితే రెండో మెట్టు అలాగే ఉంది. అందరూ మరిచిపోయే సాధారణ రక్ష ఇంకొకటుంది. రోమింగ్ తీసుకోని చందాదారు రికార్డులో విదేశీ రోమింగ్ నిషేధం హెచ్‌ఎల్‌ఆర్ స్థాయిలోనే పెడితే, విదేశీ చిరునామా నుంచి వచ్చిన లొకేషన్ అప్‌డేట్‌ని అది రోమింగ్ అనుమతి లేదంటూ తిప్పికొడుతుంది. బిల్లింగ్‌లో మాత్రమే రోమింగ్ ఆపి, హెచ్‌ఎల్‌ఆర్‌లో తెరిచి ఉంచితే ఈ రక్ష ఉండదు.

మరి సందేశాలకే సంతకం పెట్టొచ్చు కదా అంటే, ఆ ప్రయత్నమూ జరిగింది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ 2000 తర్వాతి సంవత్సరాల్లో మ్యాప్‌సెక్, ఆ తర్వాత టీక్యాప్‌సెక్ అనే ప్రమాణాలు రాసింది. అవి వ్యాపించలేదు. రెండు వైపులా అమలు చేస్తేనే ప్రయోజనం, వందలాది ఆపరేటర్ల మధ్య తాళంచెవులు పంచుకోవాలి, ఒక్క భాగస్వామి సిద్ధంగా లేకపోయినా అతని కోసం పాత తలుపు తెరిచే ఉంచాలి. తెరిచిన తలుపు ఉన్నంతకాలం మిగతావారి సంతకాలకు విలువ లేదు. ముందుగా ఖర్చు పెట్టినవాడికి లాభం రాని చోట ఎవరూ ముందుకు రారు.

4జీలో ఎస్ఎస్7 స్థానంలో డయామీటర్ అనే ప్రోటోకాల్ వచ్చింది, పేరు మారింది. లొకేషన్ అప్‌డేట్‌కి సాటివచ్చే సందేశంలో పరీక్ష ఫలితానికి రుజువు అందులోనూ లేదు. 5జీలోనే మొదటిసారి ఆ లోటు పూడ్చారు. సిమ్ ఇచ్చిన జవాబును అతిథి నెట్‌వర్కు హోమ్ నెట్‌వర్కుకు పంపాలి, హోమ్ నెట్‌వర్కు దాన్ని స్వయంగా సరిచూడాలి, ఆ ఫలితాన్ని బట్టి నమోదును ఒప్పుకోవడమో తిరస్కరించడమో చేయవచ్చు. అబద్ధమాడే అతిథి నెట్‌వర్కుకు సిమ్ జవాబు దొరకదు. అయితే ఇది 5జీ కోర్ ద్వారా వచ్చే నమోదుకు మాత్రమే. అదే చందాదారుకు 2జీ రోమింగ్ కోసం హెచ్‌ఎల్‌ఆర్ తలుపు తెరిచి ఉన్నంతకాలం, చేతిలోని ఫోను 5జీదైనా దాడి పాత తలుపు దగ్గరికే వస్తుంది.

ఓటీపీ మీద ఆధారపడే మనకు

మన దగ్గర ఓటీపీ మోసాల్లో చాలావరకు మాయమాటలతో అడిగి రాబట్టేవి, లేదా డూప్లికేట్ సిమ్ తీసేవి, ఫోనులో దొంగ యాప్ పెట్టేవి. ఎస్ఎస్7 దారి వాటికంటే ఖరీదైనది, ఎవరో ఒకరు ఆ నెట్‌వర్కులో ప్రవేశం అమ్మాలి. దాన్ని నేను కాదనను. కానీ ఒక తేడా ఉంది. మిగతా మోసాల్లో చందాదారు జాగ్రత్తపడటానికి కొంతైనా వీలుంది. ఇందులో ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, సిమ్ మారలేదు, ఫోను పక్కనే ఉంది, అయినా పోయింది. బ్యాంకు దగ్గర మాత్రం ఓటీపీ మీ నంబరుకు చేరిందన్న రసీదు ఉంటుంది.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఫోన్ నెట్‌వర్కు ద్వారా పంపే కోడ్‌ని పరిమితులతో మాత్రమే వాడదగిన పద్ధతుల్లో చేర్చింది. మన రిజర్వు బ్యాంకు 2025లో కొత్త ధ్రువీకరణ నిబంధనలు తెచ్చినా ఎస్ఎంఎస్ ఓటీపీని తీసేయమనలేదు, ఇతర పద్ధతులకు చోటిచ్చింది. పెద్ద మొత్తాల బదిలీకి, కొత్త ఖాతాను చేర్చడానికి, పాస్‌వర్డ్ మార్చడానికి ఎస్ఎంఎస్ ఒక్కటే రుజువుగా ఉండకూడదని నా అభిప్రాయం. ఫోనులోని యాప్ తన తాళంచెవితో సంతకం చేసే పద్ధతిలో కోడ్ నెట్‌వర్కులో ప్రయాణించదు కాబట్టి దారి మళ్లించడానికి ఏమీ ఉండదు. అయితే కొత్త ఫోనులో ఆ యాప్‌ని నమోదు చేసేటప్పుడు మళ్లీ ఎస్ఎంఎస్ మీదే ఆధారపడితే, దాడి చేసేవాడు ఆ మెట్టు దగ్గరికి వస్తాడు. అక్కడ కార్డు వివరాలో, శాఖకు వెళ్లడమో, కొంత వేచి ఉండే గడువో కలపాలి.

డబ్బు పోయినవారికి ఒక ఆచరణాత్మక విషయం. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి సర్క్యులర్ ప్రకారం లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక వ్యవస్థలో ఇంకెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు తెలియజేస్తే ఖాతాదారుకు బాధ్యత ఉండదు. ఎస్ఎస్7 దాడి ఈ కోవకే చెందుతుంది. దాన్ని నిరూపించే సమాచారం ఆపరేటర్ దగ్గర ఉంటుంది. ఫిర్యాదులో, పోలీసులకిచ్చే కాగితంలో రెండు విషయాలు స్పష్టంగా అడగాలి. ఆ గంటలో నా నంబరుకు హెచ్‌ఎల్‌ఆర్‌లో నమోదైన లొకేషన్ అప్‌డేట్‌లు ఏవి, అవి ఏ చిరునామాల నుంచి వచ్చాయి? ఓటీపీ ఎస్ఎంఎస్‌ని ఏ ఎంఎస్‌సీ నంబరుకు అందించారు? ఈ రికార్డులు ఎక్కువ కాలం ఉంచకపోవచ్చు కాబట్టి వాటిని భద్రపరచమని మొదటి రోజే రాతపూర్వకంగా కోరాలి.

ఆపరేటర్ దగ్గర సిగ్నలింగ్ ట్రేస్ ఉంటే నెట్‌వర్కు సందేశాలను విప్పి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాములో వెతకడానికి ఈ ఫిల్టర్ చాలు, చివర చందాదారు ఐఎంఎస్‌ఐ పెట్టాలి:

```
gsm_old.localValue == 2 && e212.imsi == "..."
```

వచ్చిన ప్రతి వరుసలో పంపినవారి గ్లోబల్ టైటిల్ చూడాలి. చందాదారు ఆ రాత్రంతా విజయవాడలో ఇంట్లో ఉండగా, 91తో మొదలుకాని చిరునామా నుంచి ఒక లొకేషన్ అప్‌డేట్ వచ్చి, కాసేపటికి అసలు వీఎల్‌ఆర్ నుంచి ఇంకొకటి వచ్చి, ఆ రెండింటి మధ్యలో బ్యాంకు ఎస్ఎంఎస్ విదేశీ ఎంఎస్‌సీకి అందినట్టు ఉంటే, ఓటీపీ చందాదారు చేతికి రాలేదని ఆపరేటర్ రికార్డే చెబుతుంది. దొంగ సందేశం దేశంలోని చిరునామా పేరుతో వస్తే మొదటి రెండంకెలు సరిపోవు, ఆ ఎంఎస్‌సీ నంబరు ఏ నెట్‌వర్కుది, ఏ ప్రాంతానిది అన్నది ఆపరేటర్ చేతే రాతలో చెప్పించుకోవాలి.